ఆమ్లజని అనే మాట గురించి

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకే పేరాలో ఆక్సిజన్, ఆమ్లజని, ప్రాణవాయువు మూడూ కనిపించాయి. వచ్చిన మాటే మళ్లీ రాకూడదని అలా మార్చి ఉంటావు. కానీ ఈ మూడూ తెలుగులోకి మూడు దారుల్లో వచ్చినవి కనుక ఒకదాని బదులు మరొకటి వేసే ముందు ఆ దారులు తెలుసుకోవాలి.

ఆక్సిజన్ అన్నప్పుడు మనం శబ్దాన్ని అరువు తెచ్చుకున్నాం. లోపలి అర్థం మనకు వినిపించదు. ఆమ్లజనిలో శబ్దం మనదే, అరువు తెచ్చింది కూర్పును. గ్రీకులో ‘ఆక్సిస్’ అంటే పులుపు, ‘జెన్’ అంటే పుట్టించడం. ఆ రెండు ముక్కలకూ ఆమ్లం, జని అనే మాటలు అదే వరుసలో కూర్చారు. ఇటువంటి మాటను భాషావేత్తలు కాల్క్ అంటారు; ఫ్రెంచిలో ఆ మాటకు, పైన పలుచని కాగితం పెట్టి గీతలు దించుకున్న నకలు అని అర్థం. జర్మన్లు ‘పులుపు పదార్థం’ అనీ, రష్యన్లు ‘పులుపును పుట్టించేది’ అనీ అర్థం వచ్చేలా తమ మాటలతోనే ఈ పేరును కట్టుకున్నారు.

చిక్కు ఇక్కడే ఉంది. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉంటుందని నమ్మి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని 1810లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త డేవీ చూపించాడు. శబ్దాన్ని తెచ్చుకున్న భాషల్లో ఆ పొరపాటు ఎవరికీ కనబడకుండా అణిగిపోయింది. ముక్కలను అనువదించుకున్న భాషల్లో మాత్రం పేరు విన్న ప్రతి పిల్లవాడికీ అది పాఠమై వినిపిస్తోంది. నీటిని పుట్టించేది అనే అర్థం గల ఉదజనికి, అంటే హైడ్రోజన్‌కు, ఈ బాధ లేదు, ఎందుకంటే ఆ వాయువు మండితే నిజంగానే నీరు పుడుతుంది. నత్రజని సంగతి ఇంకా చిత్రమైనది: ‘జని’ అనువాదమే, ‘నత్ర’ మాత్రం నైట్రో అన్న ధ్వనికి తెలుగు వేషం. ఒకే మాటలో రెండు రకాల అరువూ ఉందన్నమాట.

ప్రాణవాయువు ఈ రెంటిలోనూ చేరదు. పరభాషా పదంలోని ఏ ముక్కా అందులో లేదు; వస్తువు చేసే పనిని చూసి కట్టిన మాట అది. కాల్క్‌ను పోల్చుకోవడానికి నేను చేసే పరీక్ష కూడా ఇదే: మూలపదాన్ని విడగొట్టి ఒక్కో ముక్కకూ జత దొరుకుతుందో లేదో చూస్తాను.

కనుక నీ వ్యాసంలో రసాయన చర్యలు చెప్పేచోట ఆక్సిజన్ ఒక్కటే ఉంచు. ఊపిరి గురించి రాసిన భాగంలో ప్రాణవాయువు చక్కగా ఒదిగింది, దాన్ని కదపకు. ఆమ్లజనిని లావోజియే ప్రస్తావన వచ్చే పేరాకు తీసుకువెళ్లి, ఆ పేరు ఎందుకు తప్పయిందో అక్కడే రెండు వాక్యాల్లో చెప్పి, సవరించిన ప్రతిని నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు