రక్తం రిపోర్టు భయపెడుతోంది, మూత్రం రిపోర్టు ఏది?

ప్రశ్న: నా వయసు 31. సొంతూరు అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. నాలుగేళ్ల కిందట లూపస్ వల్ల కిడ్నీలు దెబ్బతింటున్నాయన్నారు. మందులతో తగ్గింది. ఇప్పుడు మైకోఫినోలేట్ రోజుకు ఒక గ్రాము, హైడ్రాక్సీక్లోరోక్విన్ 300 మిల్లీగ్రాములు, ప్రెడ్నిసలోన్ 5 మిల్లీగ్రాములు వాడుతున్నాను. ఫిబ్రవరిలో ఆసుపత్రి ల్యాబ్‌లో యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ 68, సి3 104, సి4 8 వచ్చాయి. జూన్‌లో ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్‌లో చేయిస్తే యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ 240, సి3 82, సి4 8. నాకు ఏ బాధా లేదు. మా డాక్టర్ గారిని కలవడానికి ఇంకా మూడు వారాలుంది. ఈలోగా స్టెరాయిడ్ పెంచుకోమని అక్క అంటోంది. పెంచుకోవాలా? రిపోర్టులు జత చేశాను.

జవాబు: స్టెరాయిడ్ పెంచుకోవద్దు. అలాగని మూడు వారాలు ఊరికే కూర్చోవద్దు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. మిమ్మల్ని భయపెట్టింది 240. నన్ను ఆలోచనలో పడేసింది 82.

ముందు 240 సంగతి చూద్దాం. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ అంటే లూపస్‌లో శరీరం తన డీఎన్‌ఏ మీదే తయారుచేసుకునే యాంటీబాడీ. ఫిబ్రవరి రిపోర్టులో కుడివైపు చిన్న అక్షరాల్లో 20 లోపు ఉంటే సాధారణమని ఉంది. జూన్ రిపోర్టులో అదే చోట 100 లోపు అని ఉంది. అంటే మొదటిది హద్దుకు మూడు రెట్లు దాటింది, రెండోది రెండున్నర రెట్లు కూడా దాటలేదు. రెండు ల్యాబ్‌లూ ఎలైజా పద్ధతిలోనే చేశాయి, కానీ కిట్లు వేరు. కిట్టు కిట్టుకూ అందులో వాడే డీఎన్‌ఏ వేరుగా ఉంటుంది. గట్టిగా అతుక్కునే యాంటీబాడీలనే పట్టుకునేవి కొన్ని, బలహీనమైనవాటిని కూడా లెక్కలో వేసుకునేవి కొన్ని. అందుకే ఇలా హద్దుతో పోల్చి చూడటం కూడా పూర్తిగా సరికాదు. ఈ రెండు అంకెల నుంచి మీ యాంటీబాడీ పెరిగిందని చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. ఈ పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో జరగాలి. ఇంటికి వచ్చి రక్తం తీసుకోవడం సౌకర్యమే, కాదనను. ఆ ల్యాబే నచ్చితే ఇకపై ప్రతిసారీ అక్కడే చేయించండి.

సి3 అనేది రక్తంలో ఉండే ఒక ప్రొటీన్. దాని సంగతి అలా కాదు. దాన్ని కొలిచే పద్ధతులను అంతర్జాతీయ ప్రామాణిక నమూనాతో సరిచూస్తారు కాబట్టి ల్యాబ్ మారినా పెద్దగా తేడా రాకూడదు. 104 నుంచి 82కు దిగడమంటే అయిదో వంతు తగ్గినట్టు. మీ రెండు రిపోర్టుల్లోనూ కింది హద్దు 90. దాన్ని దాటి కిందికి వచ్చింది.

ఎందుకు తగ్గుతుందో మీ అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకు చూస్తే అర్థమవుతుంది. కాలేయం మోటారు లాంటిది, సి3, సి4 ప్రొటీన్లను ఎప్పటికప్పుడు తయారుచేసి రక్తంలో నింపుతూ ఉంటుంది. లూపస్ చెలరేగినప్పుడు యాంటీబాడీలు డీఎన్‌ఏతో కలిసి ముద్దలు కట్టి కిడ్నీ వడపోత గదుల్లో చిక్కుకుంటాయి. ఆ ముద్దల మీద సి4, సి3 ఖర్చవుతాయి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే మోటారు నడుస్తున్నా ట్యాంకులో మట్టం దిగుతుంది కదా, అదే ఇది. ఇందులో ఒక మెలిక ఉంది. జ్వరమో ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు, గర్భం దాల్చినప్పుడు కాలేయం ఈ ప్రొటీన్లను ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. అప్పుడు కింద ఖర్చవుతున్నా మట్టం మామూలుగానే కనిపించవచ్చు. సి3 సాధారణంగా ఉందన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఇదే.

మీ సి4 రెండుసార్లూ 8. హద్దు 10 కాబట్టి రెండు రిపోర్టుల్లోనూ ఎర్ర అక్షరాల్లో ముద్రించారు. లూపస్ ఉన్నవారిలో చాలామందికి పుట్టుకతోనే సి4 జన్యువు ప్రతులు తక్కువగా ఉంటాయి. జబ్బు ప్రశాంతంగా ఉన్నా వారి సి4 తక్కువగానే ఉంటుంది. పాత రిపోర్టుల్లో కూడా 8, 9 దగ్గరే ఉంటే మీ మామూలు స్థాయి అదే అనుకోవచ్చు. అక్కడి నుంచి 3కో 4కో పడిపోతే పట్టించుకోవాలి.

యాంటీబాడీ అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలా మోసపోతామో నేను దగ్గర నుంచి చూశాను. మదనపల్లె వైపు నుంచి బస్సులో నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మకు ఆ అంకె మూడు నెలలపాటు పెరుగుతూ పోయి, నాలుగో నెల సగానికి సగం తగ్గింది. మందు పనిచేసిందనుకుని సంతోషంగా వచ్చారు. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచింది. ఉదయం మూత్రం నురగగా వస్తోందా అని అడిగితే, పది రోజులుగా వస్తోంది గానీ ఎండల వల్లేమో అనుకున్నానన్నారు. ఆరోజు ఆమె సి3 46. మూత్రంలో ప్రొటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి 2.1. జబ్బు చెలరేగే సమయంలో యాంటీబాడీలు రక్తం వదిలి కిడ్నీలో చేరిపోవచ్చు. అప్పుడు రక్తంలో అంకె తగ్గుతుంది, కిడ్నీకి మాత్రం నష్టం జరుగుతూనే ఉంటుంది. ఆమె విషయంలో జరిగింది అదేనని నా అంచనా. యాంటీబాడీ తగ్గుతూ సి3 పెరుగుతుంటే ఊరట. యాంటీబాడీ తగ్గుతూ సి3 కూడా తగ్గుతుంటే ఆందోళన.

అందుకే మీ రిపోర్టుల్లో నేను ముందుగా వెతికింది మూత్ర పరీక్ష. మీరు పంపినవాటిలో అది లేదు. కిడ్నీ లూపస్‌కు ఏ బాధా లేకపోవడం భరోసా కాదు, మొదట్లో అది నొప్పి పెట్టదు. ఈ వారంలోనే నిద్ర లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని, కొంత వదిలేసి మధ్యలో పట్టి ఇవ్వండి. నెలసరి రోజుల్లో ఇవ్వవద్దు, ఎర్ర కణాలు కనిపించి అందరినీ తప్పుదారి పట్టిస్తాయి. మూత్రంలో మంట ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తితో పాటు సూక్ష్మదర్శినిలో కణాలు చూడమని అడగండి. అదే రోజు రక్తంలో క్రియాటినిన్, కణాల లెక్క, సి3, సి4, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ పరీక్షలకు ఇవ్వండి. బీపీ కూడా చూపించుకోండి. ఏఎన్ఏ మళ్లీ చేయించనక్కరలేదు. అది జబ్బును గుర్తించడానికి పనికొస్తుంది గానీ, దాని హెచ్చుతగ్గులు జబ్బు తీవ్రతను చెప్పవు.

నిష్పత్తి 0.2 లోపు ఉండి, ఎర్ర కణాలు లేకపోతే, మిగతావన్నీ మామూలుగా ఉంటే, రక్తంలో జబ్బు జాడ ఉన్నా శరీరంలో ప్రశాంతంగా ఉందని అర్థం. ఇలా ఏళ్ల తరబడి ఉండేవారున్నారు. వారందరికీ స్టెరాయిడ్ పెంచితే చాలామంది అనవసరంగా ఎముకలు గుల్లచేసుకుని, షుగర్ తెచ్చుకున్నవారవుతారు. అందుకే అప్పుడు మందు పెంచం, పరీక్షలు దగ్గర దగ్గరగా చేస్తాం. మూడు నాలుగు నెలలకోసారి చూసే చోట నెల, నెలన్నరకోసారి చూస్తాం. నిష్పత్తి 0.5 దాటి, మళ్లీ చేసినా అలాగే ఉంటే బయాప్సీ గురించి మాట్లాడాల్సి వస్తుంది. కొన్ని ల్యాబ్‌లు దీన్నే 500 అని మిల్లీగ్రాముల్లో రాస్తాయి, కంగారు పడకండి. 0.2కూ 0.5కూ మధ్య ఉంటే ఫిబ్రవరిలో ఎంత ఉందన్నది కీలకమవుతుంది. ఆ కాగితం ఇంట్లో ఎక్కడున్నా వెతికి పెట్టుకోండి.

ఒక్క ప్రశ్న, నిజాయతీగా జవాబు చెప్పుకోండి. ఫిబ్రవరి తర్వాత మైకోఫినోలేట్ ఎన్ని పూటలు తప్పింది? కడుపులో తిప్పుతోందనో, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాననో రాత్రి మాత్ర మానేసేవారిని నేను తరచూ చూస్తాను. సి3 తగ్గడానికి అదే కారణమైతే కొత్త మందు అవసరం లేదు, పాత మందే సరిగ్గా వేసుకోవాలి. మీ డాక్టర్ గారికి ఈ విషయం దాచవద్దు, కోప్పడినా సరే.

మూత్రం నురగగా వచ్చినా, కాళ్లో కళ్ల కిందో వాచినా, బీపీ 140 దాటినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ లేకపోతే మూత్రం రిపోర్టు రాగానే మీ డాక్టర్ గారికి పంపి, తేదీని ముందుకు జరపమని అడగండి. పాత, కొత్త రిపోర్టుల్లోని సి3, సి4, మూత్రం నిష్పత్తులను తేదీలవారీగా ఒకే కాగితం మీద రాసి తీసుకెళ్లండి. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ పక్కన ల్యాబ్ పేరు, దాని హద్దు కూడా రాయండి.

— రుమటాలజిస్టు, బెంగళూరు