ఉర్దూలో సరదా తిట్లు నేర్చుకోబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి పాతబస్తీలో బట్టల దుకాణంలో లెక్కలు రాయడానికి వస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అక్కడి కుర్రాళ్లతో కలిసిపోవాలంటే ముందు వాళ్ల తిట్లు నేర్చుకోవాలని మీ స్నేహితులెవరో చెప్పారట. ఏ తిట్టు అనవచ్చో, ఏది అనకూడదో మామయ్యను అడిగి కనుక్కోమన్నావట. మంచి పని చేశావు. నేను అడగకుండా నేర్చుకున్నాను. దాని ఖరీదు ఎంతో చెబితే నీకు మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

1986 మే నెల. నేను పత్తర్‌గట్టిలో ఒక దుకాణంలో చేరి ఏడాది కావస్తోంది. రంజాన్ ఆ ఏడు నడి ఎండల్లో వచ్చింది. నాతోపాటు పనిచేసే స్నేహితుడు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగకుండా బట్టల తానులు దించుతూ, కొలుస్తూ, మళ్లీ మడత పెట్టి ఎక్కిస్తూ ఉండేవాడు. సాయంత్రం అజాన్ వినిపించగానే దుకాణం మధ్యలో గుడ్డ పరిచి ఖర్జూరాలు, పళ్ల ముక్కలు, హలీం పెట్టేవారు. నన్నూ కూర్చోబెట్టుకునేవారు. ఒక రోజు అతను మూడోసారి గిన్నె నింపుకున్నాడు. ఆకలితో ఉన్న మనిషి కడుపారా తింటుంటే చూసి నాకు సంతోషం కలిగింది. మన ఇంట్లో మీ అమ్మమ్మ నన్ను ‘పందిలా తింటున్నావురా’ అని మురిపెంగా అనేది. అదే మాటను ఉర్దూలోకి మార్చి, నవ్వుతూ, అందరి ముందూ ‘సువర్’ అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అతను చెంచాను గిన్నెలో పెట్టి, గిన్నెను గుడ్డ మీద పెట్టాడు. పక్కనున్న పెద్దాయన నా వైపు కాకుండా నేల వైపు చూశాడు. నాకు తప్పు జరిగిందని తెలుస్తోంది గాని, ఎంత తప్పో తెలియడం లేదు. పంది మాంసం ఇస్లాంలో నిషిద్ధం. ఆ జంతువు పేరు ఎత్తడానికే ఇష్టపడని ఇళ్లు ఉన్నాయి. రోజంతా ఉపవాసం ఉండి, దైవనామంతో మొదటి ముద్ద తీసుకున్న మనిషిని నేను ఆ పేరుతో పిలిచాను.

మన భాషలో ముద్దుగా వినిపించే తిట్టును మాటకు మాట మార్చి మరో భాషలో పెడితే ముద్దు ఇక్కడే ఉండిపోతుంది, తిట్టు మాత్రమే అటు చేరుతుంది. పంది, దున్నపోతు, వెధవ, సన్నాసి, శుంఠ: ఇవన్నీ మన అమ్మలు, నాన్నలు, మాస్టార్లు వాడివాడి అంచులు అరగదీసిన మాటలు. ‘వెధవ’ అనే మాట ‘విధవ’ నుంచి వచ్చిందని ఎవరికి గుర్తుంది? మీ తాతయ్య నన్ను రోజుకు పదిసార్లు అనేవారు. అందులో నాకు ఆప్యాయతే వినిపించేది. ఉర్దూలోనూ అలా అరిగిన మాటలు ఉన్నాయి. అయితే అవి మన మాటలకు అనువాదాలు కావు. అక్కడ అరిగినవి వేరు, ఇంకా పదునుగా ఉన్నవి వేరు. కాబట్టి తెలుగు తిట్టును ఉర్దూలోకి మార్చి ఎప్పుడూ అనవద్దు. వాళ్ల నోట విన్నదే అను.

విన్నది అనడంలోనూ ఒక చిక్కు ఉంది. కొత్త భాషలో తిట్టు మన చెవికి బరువుగా తోచదు. తల్లి మీద తిట్టును తెలుగులో పలకాలంటే నీకు నోరు రాదు. ఉర్దూలో అదే తిట్టు నీకు ఒక చప్పుడు మాత్రమే. చిన్నప్పుడు ఆ మాట అన్నందుకు నువ్వు దెబ్బ తినలేదు, ఆ మాట మీద జరిగిన గొడవ చూడలేదు. అందుకే అది తేలికగా నోట్లోకి వచ్చేస్తుంది. నీకు తేలికగా ఉంది గదా అని అవతలివాడికీ తేలికే అనుకోకు.

నువ్వు మొదటి రోజే వినబోయే మాట ‘హౌలా’. తెలివి తక్కువవాడు, మొద్దు అని అర్థం. పిలిచేటప్పుడు ‘హౌలే’ అంటారు. ఇది హైదరాబాదు తెలుగులోకి కూడా వచ్చేసింది. ‘క్యా రే హౌలే’ అంటూ చివరి అక్షరాన్ని సాగదీసి భుజం మీద చెయ్యి వేస్తే అది పలకరింపు. అతి తెలివి చూపేవాడిని ‘డేఢ్ షాణా’ అంటారు, ఒకటిన్నర తెలివిగలవాడు అని. ‘గధా’ అంటే గాడిద, ‘ఉల్లూ’ అంటే గుడ్లగూబ. మనకు గుడ్లగూబ అపశకునం గాని, ఇక్కడ మందబుద్ధికి గుర్తు. ఈ నాలుగూ సమవయస్కుల మధ్య చెల్లుతాయి. ఎందుకంటే ఇవి ఆ క్షణంలో ఒక మనిషి చేసిన తెలివితక్కువ పనిని తాకి అక్కడితో ఆగుతాయి. బిల్లులో సున్నా ఒకటి ఎక్కువ వేస్తే హౌలా అంటారు, మర్నాడు సరిగ్గా వేస్తే మాట పోతుంది.

ఇప్పుడు ఆ ‘ఉల్లూ’కు ఇంకో రెండు మాటలు చేర్చి చూడు: ‘ఉల్లూ కా పట్ఠా’. పట్ఠా అంటే పిల్ల. గుడ్లగూబ పిల్ల అనగానే ఆ గుడ్లగూబ ఎవరయ్యారు? అతని తండ్రి. చూడటానికి ఒకే తిట్టులా ఉంటుంది, కానీ మొదటిది ఎదుట ఉన్న మనిషి దగ్గర ఆగింది, రెండోది అతని ఇంటి గడప దాటింది. చాలామంది దీన్ని నవ్వుతూనే అంటారు. నువ్వు మాత్రం అనకు. తిట్టు కొత్తది దొరికినప్పుడల్లా అది ఎక్కడ ఆగుతోందో చూసుకో. చేసిన పని దగ్గర ఆగితే ఫరవాలేదు. తల్లిదండ్రుల దాకా, అక్కచెల్లెళ్ల దాకా, పుట్టుక దాకా, మతం దాకా, కులం దాకా వెళ్తే దాన్ని అర్థం చేసుకోవడానికే నేర్చుకో.

‘సాలా’ దగ్గర మన తెలుగువాళ్లం తప్పకుండా పొరబడతాం. సాలా అంటే భార్య సోదరుడు, మన బావమరిది. మనకు బావా బావమరుదుల మధ్య పరాచికాలు హక్కు. స్నేహితుడిని ‘ఏరా బామ్మర్దీ’ అని పిలిస్తే అతను పొంగిపోతాడు. మేనరికాల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ పిలుపులో చుట్టరికం తప్ప మరొకటి తోచదు. ఉర్దూలో, హిందీలో మాత్రం ఏ సంబంధమూ లేనివాడిని సాలా అంటే ‘మీ అక్కచెల్లెలు నాది’ అని అన్నట్టు. తిట్టు పుట్టింది అక్కడే. ఇప్పుడు ఊతపదంలా వాడేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, నీ ఎదుటే రోజుకు వందసార్లు అనుకుంటారు. అయినా ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలు ఉన్నవాడికి, కొత్తగా పరిచయమైనవాడికి, వయసులో పెద్దవాడికి అది నేరుగా తగులుతుంది. ‘బామ్మర్దీ’కి సమానమని నువ్వు వాడితే నేను ‘సువర్’ అన్నంత పని అవుతుంది.

‘హరామీ’, ‘కమీనా’ కూడా నీ చెవిన పడతాయి. చిన్ననాటి నేస్తాలు కౌగిలించుకుంటూ అనుకుంటారు. మొదటిదానికి వెనుక అక్రమ సంతానమనే మాట ఉంది, రెండోది నీచుడని. నిన్ను ఎవరైనా ప్రేమగా అంటే నవ్వి ఊరుకో. తిరిగి అనడానికి వాళ్లతో కలిసి పెరిగి ఉండాలి. కులాల పేర్లనే తిట్లుగా వాడేవాళ్లూ కనిపిస్తారు. వాటికి సరదా అనేదే లేదు. షెడ్యూల్డ్ కులాల, తెగల వారిని కులం పేరుతో నలుగురిలో దూషించడం 1989 నాటి చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా ఆ మాట మన ఇంటి పిల్లవాడి నోట వినడం నాకు ఇష్టం లేదు.

పేరు చూసి మోసపోయే మాటలు కూడా ఉన్నాయి. ‘బైగన్’ అంటే వంకాయ. కబుర్లు కొట్టిపారేయడానికి ‘బైగన్ కే బాతాఁ’ అంటారు. కూరగాయ పేరే కదా అని యజమాని ముందు అనవద్దు, అది బూతుకు బదులుగా వాడే మాట. ‘పొట్టీ’ అని వినగానే నీకు పొట్టి మనిషి గుర్తొస్తాడు. ఇక్కడ అది అమ్మాయిని మోటుగా చెప్పే మాట. దుకాణానికి వచ్చిన ఆడపిల్ల గురించి ఆ మాట అన్నావంటే నీ ఉద్యోగం ఆ పూటతో సరి.

కొత్తవాడికి కావాలని తప్పు అర్థం చెప్పి ఎవరి మీదనో అనిపించి నవ్వుకోవడం ఎక్కడైనా ఉన్నదే. అందుకని ఒకరు నేర్పిన మాటను ఇంకొకరిని విడిగా అడుగు, వీలైతే కాస్త వయసున్నవారిని. అర్థం అడగడంతో ఆపకు. ‘ఈ మాట మీ అమ్మగారి ముందు అంటారా?’ అని అడుగు. ఆ మనిషి ముఖంలో జవాబు దొరుకుతుంది. మొదటి మూడు నెలలు వినడానికే ఉంచుకో. తర్వాత కూడా వాళ్లు నిన్ను ఏ మాట అన్నారో అదే మాట, అన్నవాడికే, ఇద్దరే ఉన్నప్పుడు తిరిగి అను. అంతకన్నా బరువైనది ఎత్తుకోకు. సాగదీసే ఆ రాగం నీకు పట్టుబడనంత వరకు మాట మొండిగా పడుతుంది. ఫోనులో రాసి పంపడం అసలే వద్దు, అక్షరాలకు రాగం ఉండదు, భుజం మీద చెయ్యి ఉండదు.

కోపం వచ్చిందని ఎలా తెలుస్తుందంటావా? హైదరాబాదు మనిషి కోపం వస్తే తిరిగి తిట్టకపోవచ్చు. మర్యాద పెంచుతాడు. నా స్నేహితుడు అప్పటిదాకా నన్ను ‘అరే, తేరా హిసాబ్ దేఖ్’ అనేవాడు. మర్నాడు పొద్దున నా ముందు పుస్తకం పెట్టి ‘ఆప్ దేఖ్ లీజియే’ అన్నాడు. ఆ ‘ఆప్’ వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిన్నటిదాకా ‘అరే’ అన్నవాడు నేడు ‘ఆప్’ అంటే నువ్వేదో అన్నావని తెలుసుకో.

ఆ సాయంత్రమే, అదే గుడ్డ మీద, అదే మనుషుల ముందు ‘గలతీ హో గయీ, మాఫ్ కర్నా’ అన్నాను. మా ఇంట్లో అది ముద్దుమాట అని అప్పుడు చెప్పలేదు. చెబితే క్షమాపణ వాదన అయిపోతుంది. ఎవరి ఎదుట అన్నానో వాళ్ల ఎదుటే వెనక్కి తీసుకోవాలి గనుక అక్కడే అడిగాను. అతను మాట్లాడలేదు. ఖర్జూరాల పళ్లెం నా వైపు జరిపాడు. మీ అమ్మమ్మ మాట సంగతి పండుగ వెళ్లాక, ఇద్దరమే టీ తాగుతున్నప్పుడు చెప్పాను. అప్పుడు నవ్వాడు. ‘అరే’ తిరిగి రావడానికి మరో రెండు వారాలు పట్టింది.

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ స్టేషనుకు అతనూ నాతో వస్తానన్నాడు. నువ్వు చాచా అను, ‘ఆప్’ అను. పెట్టె దించుకోవడం ఆలస్యమైతే చాలు, నిన్ను ‘హౌలే’ అంటాడు. నవ్వు, అంతే. తిరిగి ఏమీ అనకు.

మీ మామయ్య