మామిడికాయ మెనూకి క్యాప్షన్ ఎలా రాయాలి?

మాది చిన్న రెస్టారెంట్. ఈ ఎండాకాలం కొన్నాళ్లపాటు మామిడికాయ స్పెషల్ మెనూ పెడుతున్నాం. ఇన్‌స్టాలో "నోరూరించే అద్భుత రుచులు" అని పెడితే ఎవరూ పట్టించుకోవట్లేదు. చదవగానే తినాలనిపించేలా ఎలా రాయాలండీ?

మా బావగారి హోటల్‌కి క్యాప్షన్లు రాసేది నేనేనండీ. నా పద్ధతి చెబుతాను. ముందు వంటింట్లోకి వెళ్లండి. మాస్టర్ని "రుచి ఎలా ఉంటుంది?" అని అడిగితే "సూపర్" అంటాడు, అక్కడితో సరి. "చివర్లో ఏం వేస్తావు? ముద్ద నోట్లో పెట్టుకోగానే పంటికి ఏం తగులుతుంది?" అని అడగండి. రాయాల్సిన మాటలు అప్పుడు బయటికొస్తాయి.

మామిడికాయ పులిహోరే తీసుకుందాం. మా మాస్టర్ తురుములో సగం పోపులో మగ్గిస్తాడు. మిగతా సగం పచ్చిగానే, అన్నం చల్లారాక కలుపుతాడు. నూరిన ఆవముద్ద కూడా అప్పుడే వేస్తాడు, వేడి తగిలితే దాని ఘాటు పోతుందని. ఇదంతా విన్నాక రాసింది ఇదీ:

"పొడిపొడిగా ఆరిన అన్నంలో పుల్లటి మామిడి తురుము. ముందు ఇంగువ వాసన, తర్వాత పులుపు, మింగేలోపే ముక్కుకెక్కే ఆవ ఘాటు. మధ్యమధ్యలో పటుక్కుమనే పల్లీ."

తినేటప్పుడు ఏది ముందు తెలుస్తుందో అదే వరుసలో రాశాను. శబ్దాన్ని చెప్పే మాట ఒక్కటే వాడాను. కరకర, పటపట, చిటపట అని వరసపెడితే పెళ్లి బ్యాండులా ఉంటుంది! రాశాక ఒక పరీక్ష పెట్టండి: పులిహోర పేరు తీసేసి బిర్యానీ అని పెట్టి చదవండి. అప్పుడూ సరిపోయిందంటే ఆ వాక్యం కొట్టేయాల్సిందే. "నోరూరించే అద్భుత రుచులు" దేనికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ ఏమీ అనిపించదు.

మెనూలో ఉన్నవన్నీ ఇంత వివరంగా రాయొద్దు. ఒక్కదాన్ని ఎంచుకుని, మిగతావాటికి తలా ఒక ముక్క చాలు: "ఎర్రగా వేగిన వెల్లుల్లి పోపుతో మామిడికాయ పప్పు, పైన కరిగే నెయ్యి." క్యాప్షన్‌లో మొదటి రెండు లైన్లే పైకి కనిపిస్తాయి కాబట్టి పులిహోర వాక్యాలే ముందుండాలి. "మా రెస్టారెంట్ మీకోసం సగర్వంగా..." అని మొదలుపెడితే అసలు విషయం దాకా ఎవరూ రారు.

ఇంకోటి. పార్సిల్‌లో వెళ్లేవాటికి "కరకరలాడే" అని రాయకండి. మూతపెట్టిన డబ్బాలో ఆవిరి పట్టి వడియాలు ఇంటికి చేరేసరికి మెత్తబడతాయి, ఆ మాటే పట్టుకుని రివ్యూలో ఏకిపారేస్తారు. అలాంటివాటికి వాసన, పులుపు, కారం గురించి రాయండి. అవి దారిలో అంతగా మారవు.

"పరిమిత కాలం మాత్రమే" అన్నది కూడా పాతబడిపోయింది. కారణం చెప్పండి: "కాయ పుల్లగా ఉన్నన్నాళ్లే. తీపెక్కడం మొదలైతే ఆపేస్తాం." దాని కిందే ఆఖరి తేదీ, రోజూ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా దొరుకుతుందో, ప్లేటు ధర రాసేయండి. లేకపోతే కామెంట్లలో అందరూ అదే అడుగుతారు.