ఖాళీ పెట్టే ముందు

చిరంజీవి లలితకు,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఖాళీలు పూరించే చరిత్ర పేపర్ చూశాను. అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలకు ఇలాంటి ఖాళీలు ఇస్తే, చరిత్ర తెలిసినవాడి కంటే తెలుగు బాగా వచ్చినవాడికి ఎక్కువ మార్కులొస్తాయి. ఎందుకో నీ ప్రశ్నలతోనే చెబుతాను.

మూడోది చూడు: ‘గణపతిదేవుని తర్వాత కాకతీయ సింహాసనాన్ని _____ అధిష్ఠించింది.’ చివరి క్రియ దగ్గరే జవాబు బయటపడిపోయింది. మగవాడైతే ‘అధిష్ఠించాడు’ అనేదానివి. కాకతీయుల్లో రాజ్యమేలిన స్త్రీ ఒక్కరేనని వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. గణపతిదేవుడెవరో తెలియకపోయినా రుద్రమదేవి అని రాసేస్తాడు. పోనీ ‘అధిష్ఠించారు’ అని గౌరవంగా మార్చావనుకో, పై ప్రశ్నల్లో రాజులందరికీ ‘డు’ పెట్టి దీనికొక్కదానికే ‘రు’ పెడితే అదీ సూచనే.

నేను చేసే పని ఇది. క్రియను వాక్యం చివరి నుంచి తీసేసి మధ్యలోకి నెడతాను, ఖాళీని చివరికి తెస్తాను. ‘గణపతిదేవుని తర్వాత కాకతీయ సింహాసనాన్ని అధిష్ఠించిన వారి పేరు _____.’ మన భాషలో ‘అధిష్ఠించిన’కు ఆడా మగా తేడా లేదు. వాక్యం ‘పేరు’ దగ్గర ఆగిపోయింది కాబట్టి ఖాళీ తర్వాత క్రియే లేదు. ‘పాలకుడు’, ‘పాలకురాలు’ లాంటి మాటలు మాత్రం దొర్లనివ్వకు, చేసిన పనంతా వృథా అవుతుంది.

అయినా ఈ ప్రశ్నకు కీ రాయడం నువ్వనుకున్నంత తేలిక కాదు. రుద్రమ, రుద్రమదేవి, రుద్రాంబ, ఏది రాసినా ఒకరే. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని కూడా అన్నారు. ఎవరైనా ఉత్త ‘రుద్రదేవుడు’ అని రాస్తే? అది గణపతిదేవుని పెదతండ్రి పేరు, హనుమకొండలో 1163లో వేయిస్తంభాల గుడి కట్టించినవాడు. అలా రాసినవాడికి మార్కివ్వాలా వద్దా అన్నది పేపర్లు దిద్దేటప్పుడు కాదు, కీ రాసేటప్పుడే తేల్చుకో. నేనైతే ‘మహారాజు’ ఉంటే ఇస్తాను, లేకపోతే ఇవ్వను.

ఏడోది ‘ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి _____కి మార్చాడు.’ ఇందులో దొంగ ఆ ‘కి’. పుస్తకాల తెలుగులో ఇకారంతో ముగిసే పేరుకు ‘కి’ వస్తుంది, దేవగిరికి అంటాం. దౌలతాబాద్ అయితే ‘కు’ రాస్తాం. అంటే సగం పేరు నువ్వే చెప్పినట్టు. పైగా రెండూ ఒకే ఊరి పేర్లు కాబట్టి రెండూ సరైన జవాబులే. ‘దేవగిరికి ముహమ్మద్ బిన్ తుగ్లక్ పెట్టిన కొత్త పేరు _____’ అని అడుగు. విభక్తి తెలిసిన పేరుకు పోయింది, జవాబు ఒక్కటే మిగిలింది. ‘ని’, ‘ను’లదీ ఇదే తంతు.

పన్నెండోది నన్ను కాస్త కలవరపెట్టింది. ‘హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో _____లో విలీనమైంది.’ మన ఊళ్లో ఈ తేదీ మీద ఎంత గొడవో నీకు తెలియంది కాదు. నీ కీలో 1948 అని ఉంది. నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది సెప్టెంబర్ 17న, సైన్యం లాంఛనంగా లొంగిపోయింది మర్నాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26నే పూర్తి విలీనం అనేవాడూ ఉంటాడు. వాడితో నువ్వు వాదించి గెలవలేవు. ‘విలీనం’ అనేది ఒక్క రోజున జరిగిన పని కాదు, దాన్ని ఖాళీ కింద పెట్టకు. ఒక్క రోజున మొదలైన పని పట్టుకో: ‘ఆపరేషన్ పోలో పేరుతో హైదరాబాద్ సంస్థానంపై సైనిక చర్య మొదలైన తేదీ: 1948 సెప్టెంబర్ _____.’ జవాబు 13. నెల, సంవత్సరం నువ్వే ఇచ్చావు కాబట్టి ఏం రాయాలన్న తికమక కూడా ఉండదు. ‘చార్మినార్ _____లో కట్టారు’ అన్న నీ మొదటి ప్రశ్నకూ ఇదే జబ్బు. హైదరాబాద్ అని రాసినా, పదహారో శతాబ్దం అని రాసినా తప్పనలేవు. 1591 కావాలంటే సంవత్సరం అని అడగాలి.

ఖాళీల గీతలన్నీ ఒకే పొడవు ఉంచు. అక్షరాలు లెక్కపెట్టి చుక్కలు పెట్టే అలవాటు నీ పేపర్లో రెండు చోట్ల కనిపించింది.

సరిచేశాక ఇద్దరికి చూపించు. చరిత్ర చదవని మీ ఆయనకిచ్చి ఆడా మగా, మనిషా ఊరా, ఏ అక్షరంతో ముగుస్తుంది అని ఊహించమను. ‘మనిషి’, ‘ఊరు’ అన్నది తెలిసినా ఫర్వాలేదు, అది ప్రశ్నలో ఉండాల్సిందే. అంతకు మించి పట్టేస్తే ఆ వాక్యం మళ్లీ రాయి. రెండోవారు చరిత్ర బాగా తెలిసిన మీ స్టాఫ్‌లో ఒకరు. ఆయనను జవాబు రాయమనకు, కీలో లేని సరైన జవాబులు ఎన్ని దొరుకుతాయో వెతకమను. దొరికిన ప్రతిదాన్నీ కీలో చేర్చడమో, ప్రశ్నను బిగించడమో చెయ్యి.

మూడు, ఏడు, పన్నెండో ప్రశ్నలు సరిచేసి ఆదివారం లోపు కీతో సహా పంపు.

మీ పెదనాన్న