ఐఫోన్‌లో రికవరీ కీ, లెగసీ కాంటాక్ట్: ఏది ఎప్పుడు పనికొస్తుంది?

యాపిల్ అకౌంట్ లాక్ అయితే లెగసీ కాంటాక్ట్‌గా పెట్టిన మా అమ్మాయి తెరవగలదా? రికవరీ కీ కూడా కావాలా?

తెరవలేదు, లెగసీ కాంటాక్ట్ మీ మరణం తర్వాతే పనిచేస్తుంది, బతికుండగా పాస్‌వర్డ్ మర్చిపోతే అక్కరకొచ్చేది రికవరీ కీ.

రెండూ Settingsలో మీ పేరు నొక్కి Sign-In & Securityలోకి వెళ్తే కనిపిస్తాయి. రికవరీ కీ 28 అక్షరాలు, అంకెల కోడ్. దీన్ని ఆన్ చేయగానే, కొన్నాళ్లు ఆగితే యాపిలే అకౌంట్ తిరిగి ఇచ్చే మామూలు పద్ధతి ఆగిపోతుంది. అందుకే కీ పోయి, లాగిన్ అయిన ఫోన్ కూడా చేతిలో లేకపోతే యాపిల్ కూడా ఏమీ చేయలేదు. కాగితం మీద రాసి రెండు చోట్ల పెట్టండి. ఆ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే ఫోన్‌తో పాటే పోతుంది.

ఉదాహరణకు గుంటూరులో నాన్న ఫోన్ పోయింది, పాస్‌వర్డ్ గుర్తులేదు. అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుని, కూతురి ఐఫోన్‌లో ఆ 28 అక్షరాలు కొడితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. లెగసీ కాంటాక్ట్‌గా పెట్టినప్పుడు కూతురికి ఇచ్చిన యాక్సెస్ కీ ఇక్కడ పనికిరాదు. అది మరణ ధ్రువీకరణ పత్రంతో కలిపి ఇస్తేనే చెల్లుతుంది. అప్పుడు ఫొటోలు, నోట్స్, మెసేజ్‌లు మూడేళ్ల పాటు అందుతాయి.

చాలామంది బ్యాంకు పాస్‌వర్డ్‌లూ వస్తాయనుకుంటారు. ఐఫోన్ పాస్‌వర్డ్‌లు భద్రపరిచే కీచైన్‌లో దాచినవి లెగసీ కాంటాక్ట్‌కు కనబడవు.