పదమూడేళ్ల పాపకు సీరమ్‌లు, రెటినాల్ వద్దు.. మూడు వస్తువులు చాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి చదువుతోంది. ముఖం ఎప్పుడూ జిడ్డుగా ఉంటుంది. నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు వస్తున్నాయి. ఫోన్‌లో వీడియోలు చూసి విటమిన్ సి సీరమ్, రెటినాల్, పీలింగ్ సొల్యూషన్ కొనమని పట్టుబట్టింది. అవన్నీ కలిపి రెండు వేలు దాటుతున్నాయి. మేం 600 రూపాయల కంటే పెట్టలేం. ఆ డబ్బుతో ఏం కొనాలి? – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ మూడింట్లో ఒక్కటీ కొనకండి. రెటినాల్ వాడితే చర్మం పైపొరలో పాత కణాలు త్వరగా రాలిపోయి కొత్తవి వస్తాయి. వయసు పెరిగి ఆ పని నెమ్మదించిన వాళ్లు ముడతల కోసం వాడేది అది. మీ పాప చర్మం ఇప్పుడు ఆ పనిని తనంతట తానే చురుగ్గా చేసుకుంటోంది. పీలింగ్ సొల్యూషన్‌లో ఉండేవి పైపొరను ఊడగొట్టే యాసిడ్లు. వీటిని కలిపి రాస్తే చర్మం ఎర్రబడి మండుతుంది, ఎండకు త్వరగా కందుతుంది. మన చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కు కూడా ఉంది. మంట పుట్టిన చోటల్లా నల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. పొక్కు వారంలో మానిపోయినా ఆ మచ్చ నెలల తరబడి కనిపిస్తుంది. ఈ మాట పాపకే నేరుగా చెప్పండి. ఈ వయసు పిల్లలు నల్లమచ్చ అంటే వెంటనే వింటారు.

కొనాల్సినవి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మూడూ ఒకే రోజు మొదలుపెట్టకండి. మొదటి వారం ఫేస్‌వాష్ మాత్రమే వాడనివ్వండి. రెండో వారం మాయిశ్చరైజర్, మూడో వారం సన్‌స్క్రీన్ కలపండి. అప్పుడు దురదగానీ దద్దుర్లుగానీ వస్తే దేనివల్లో తెలిసిపోతుంది. కొత్తది ఏదైనా ముందు రెండు మూడు రాత్రులు దవడ కింద కొంచెం రాసి చూడండి.

ఫేస్‌వాష్ 150 రూపాయల లోపు చాలు. నిమిషం కూడా ముఖం మీద ఉండని దానికి ఎక్కువ పెట్టడం వృథా. మామూలు ఒంటి సబ్బు వద్దు. అందులో క్షారం ఎక్కువ, మన చర్మం కాస్త ఆమ్ల స్వభావం ఉన్నది. ‘జెంటిల్’, ‘సువాసన లేనిది’ అని రాసి ఉన్న సాదా రకం అడగండి. ‘పింపుల్ కేర్’, ‘బ్రైటెనింగ్’ అని ఉన్నవి పక్కన పెట్టండి. వాటిలో చాలావాటికి సాలిసిలిక్ యాసిడో గ్లైకోలిక్ యాసిడో కలుపుతారు. గరుకు రేణువులుండే స్క్రబ్‌లు కూడా వద్దు.

కొన్నది సరైనదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముఖం కడిగి, టవల్‌తో రుద్దకుండా అద్ది, ఏమీ రాయకుండా పది నిమిషాలు ఆగమనండి. తర్వాత ఒకసారి నోరు పెద్దగా తెరిచి నవ్వమనండి. చెంపలు బిగుసుకుపోయి లాగినట్టు ఉన్నా, ముక్కు పక్కల సన్నటి పొట్టు కనిపించినా అది పాపకు ఘాటైనదని అర్థం. జిడ్డు ముఖం వాళ్లు వేలు పెడితే కిర్రుమనేలా కడిగితేనే శుభ్రమైనట్టు అనుకుంటారు. నిజానికి అప్పుడు చర్మాన్ని కాపాడే నూనె పొర కూడా పోతుంది. కడిగాక మెత్తగా, మామూలుగా ఉండాలి. రోజుకు రెండుసార్లు, బఠాణీ గింజంత తీసుకుంటే సరిపోతుంది. ఆటలాడి చెమట పట్టినప్పుడు మధ్యలో ఉత్త నీళ్లతో కడుక్కోవచ్చు.

జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని మీకు అనిపించవచ్చు. జిడ్డు అంటే నూనె, మాయిశ్చరైజర్ నిలిపి ఉంచేది నీటి తడి. రెండూ వేరు. గ్లిజరిన్ ఉన్న పలుచటి లోషన్ లేదా జెల్, ‘నాన్ కమెడోజెనిక్’ అని రాసి ఉన్నది తీసుకోండి. చర్మ రంధ్రాలను మూసేయని రకం అది. చిన్న సీసా 150 రూపాయల లోపు దొరుకుతుంది. రాత్రి ముఖం కడిగాక తడి ఆరకముందే పలుచగా రాస్తే చాలు. ఉదయం సన్‌స్క్రీనే ఆ పని కూడా చేస్తుంది కాబట్టి విడిగా అక్కర్లేదు.

మిగిలిన 300 సన్‌స్క్రీన్‌కే పెట్టండి. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే గుర్తులు డబ్బాపై ఉంటాయి; ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పీఏ మూడు ప్లస్‌లు ఉన్న జెల్ రకం చూడండి. ఖరీదు సంగతి పక్కన పెట్టి, ఎంత రాస్తోందో చూడండి. చూపుడువేలు, మధ్యవేలు బారునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. బొట్టు పెట్టినట్టు నాలుగు చుక్కలు రాస్తే డబ్బాపై ఉన్న ఎస్‌పీఎఫ్ అందదు. రెండు గీతల లెక్కన రాస్తే 50 గ్రాముల ట్యూబు నెలన్నరలో అయిపోతుంది. మూడు నెలలు వచ్చిందంటే తక్కువ రాస్తోందని తెలుసుకోండి. స్కూలుకు బయల్దేరడానికి పావుగంట ముందు రాయాలి. ఎండలో ఆటల పీరియడ్ ఉన్న రోజు టోపీ పెట్టుకోమనండి, వీలైతే మళ్లీ రాసుకోమనండి.

ఇక నుదుటి పొక్కుల సంగతి. పాప తలకు నూనె పెట్టి బిగించి జడ వేస్తున్నారా? జుట్టు మొదళ్లలోని కొబ్బరినూనె చెమటతో నుదుటి మీదకు దిగుతుంది. నుదుటి మీద, జుట్టు అంచు వెంబడే గుంపుగా వచ్చే చిన్న పొక్కులకు చాలాసార్లు కారణం ఇదే. రోజూ నూనె మానేసి, తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేయండి. దిండు గలేబు వారానికోసారైనా మార్చండి. ఆరేడు వారాల్లో తేడా తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు కాదు.

ఒకవేళ పాప ఫ్రెండ్ దగ్గర రెటినాల్, పీలింగ్ సొల్యూషన్ లాంటిది తెచ్చుకుని రాసేసుకుంటే గుర్తుపట్టడం తేలికే. మామూలు మాయిశ్చరైజర్ రాసినా చురుక్కుమంటుంది. నోటి చుట్టూ, ముక్కు పక్కల ఎర్రబడి పొట్టు లేస్తుంది. అప్పుడు అన్నీ ఆపేసి, రెండు వారాలు నీళ్లతో కడగడం, సాదా మాయిశ్చరైజర్ రాయడం మాత్రమే చేయండి. అది కూడా మండితే పలుచగా పెట్రోలియం జెల్లీ రాయండి. బయటికి వెళ్తే గొడుగు వాడండి. నిమ్మరసం, వంటసోడా లాంటివి అస్సలు పెట్టకండి.

మెడికల్ షాపులో ‘తెల్లబడటానికి’, ‘మచ్చలకు’ అంటూ చేతికిచ్చే ట్యూబులతో మాత్రం చాలా జాగ్రత్త. వాటిలో బెటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉండొచ్చు. మొదటి వారం ముఖం మెరుస్తుంది. కొన్నాళ్లకు చర్మం పలుచబడి, మొటిమలు విపరీతంగా వచ్చి, ఆపితే ఎర్రబడి మండుతుంది. పాప ఇప్పటికే అలాంటిది వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా ఆ ట్యూబు తీసుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి.

పొక్కులు లోతుగా, నొప్పిగా గడ్డల్లా వస్తున్నా, గుంటలు పడుతున్నా, రెండు నెలలు ఇలా చేసినా తగ్గకపోయినా ఈ మూడు వస్తువులు సరిపోవు. డాక్టర్‌ను కలవాలి. వాళ్లు అడాపలీన్ రాయవచ్చు. అది రెటినాల్ కుటుంబానిదే అయినా మొటిమల మందు. ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది చర్మం చూసి చెబుతారు. రజస్వల అయి రెండు మూడేళ్లు దాటాక కూడా నెలసరి సరిగా రాకుండా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే ఆ విషయం కూడా డాక్టర్‌కు చెప్పండి. అప్పుడు హార్మోన్ల పరీక్ష అవసరం కావచ్చు.