జిరాక్సు కాగితం మీద అభిమానం

ఇంటర్నెట్ లేని రోజుల్లో అభిమానుల పత్రికలు, జిరాక్సు ప్రతులు గోదావరి డెల్టాలో సినిమా అభిరుచిని ఎలా మలిచాయి?

చెదిరి ఉన్న అభిమానులను పత్రికల ఉత్తరాల శీర్షికలు ఒకరికొకరిని చూపించగా, వారి చర్చకు ఊరిలోనే రూపమిచ్చినవి జిరాక్సు ప్రతులు. 1966లో మద్రాసులో మొదలైన విజయచిత్ర వంటి పత్రికలో ఉత్తరం కింద పేరుతో పాటు ఊరు కూడా అచ్చయితే, పాలకొల్లు పాఠకునికి అమలాపురంలో తనవంటి వాడున్నాడని తెలిసేది.

భీమవరంలో ఒక అభిమాన సంఘం చేతిరాతతో నాలుగు పుటలు సిద్ధం చేసిందనుకుందాం. పాత జిరాక్సు యంత్రం బూడిద రంగు ఛాయలను సరిగా పట్టలేదు కనుక, ప్రతికి ప్రతి తీసేకొద్దీ తార ముఖం నల్లటి మచ్చగా మారేది, నల్లసిరా అక్షరం మాత్రం నిలిచేది. అందుకే ఆ పుటల్లో బొమ్మలకన్నా శతదినోత్సవ కేంద్రాల జాబితాలు, పాటల సాహిత్యం, వాదనలు ఎక్కువ చోటు పొందాయి; ఏ ఊళ్లో ఎన్ని రోజులు ఆడిందన్న లెక్క అభిమానానికి కొలమానమైంది. ఈ మార్పు నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది.

ప్రతులు కొద్ది గనుక ప్రభావమూ కొద్దే అనుకోవడం పొరపాటు, ఎందుకంటే క్షౌరశాలలోనో టీకొట్టులోనో ఒకే ప్రతి ఎన్నో చేతులు మారేది.